నాలుగు ఉద్యోగాలు, నాలుగు గొడవలు: మన వాటా ఎంతో లెక్క తీయడం ఎలా

మూడో ఉద్యోగమో నాలుగో ఉద్యోగమో మేనేజరుతో చెడి మానేసి ఇంటికొస్తే, ఎవరో ఒకరు అననే అంటారు: "ఎక్కడికి పోయినా నీకే ఎందుకు పడదు?" అడిగే వేళ అది కాదు కాబట్టి మీరు కసురుకుంటారు, లేదా కంచం ముందు నుంచి లేచిపోతారు. కానీ ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. కోపం చల్లారాక, కాగితం మీద, ఆధారాలు పెట్టుకుని వెతకాలి. మూడు నాలుగు సాయంత్రాల పని. చివరికి "తప్పు నాది కాదు" అనే తేలవచ్చు. అలా తేలినా మంచిదే, ఈసారి ఆ మాట ఊరికే అనడం లేదని మీకు తెలుస్తుంది.

చెప్పడానికి వీలుగా ఒక మనిషిని ఊహించుకుందాం. కావలి దగ్గర పల్లె. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో క్వాలిటీ సూపర్‌వైజరు. ఆరేళ్ళలో నాలుగు చోట్ల చేశాడు: నెల్లూరు పక్క ఒక ప్లాంటు, ఒంగోలు పక్క ఇంకొకటి, తర్వాత రొయ్యల మేత తయారుచేసే మిల్లు, మళ్ళీ ఒక ప్లాంటు. నాలుగూ గొడవతోనే ముగిశాయి. "పని వచ్చినోడికి ఇక్కడ విలువ లేదు" అంటాడు. పని వచ్చిన మాట మాత్రం నిజం. అందుకే ఇతని కేసు చూడదగింది. పని రానివాడి గొడవలకు కారణం వెతకడం తేలిక. పని వచ్చినవాడు ప్రతి గొడవలోనూ విషయం వరకు తనదే రైటు కావడంతో, అక్కడే ఆగిపోతాడు.

ముందు, మీ లెక్కలో వేసుకోకూడనివి పక్కన పెట్టండి

జీతం నెలల తరబడి ఆపడం, జీతంలోంచి పీఎఫ్ కోసి ఖాతాలో కట్టకపోవడం, కులం పేరు పెట్టి తిట్టడం, లైంగిక వేధింపు, అమ్మోనియా లీకవుతున్నా లోపలికి పొమ్మనడం. వీటిమీద మీరు గట్టిగా మాట్లాడితే గొడవైంది అంటే అది మీ అలవాటు కాదు. వాటికి వేరే దారులున్నాయి: జీతానికి లేబర్ ఆఫీసు, పీఎఫ్‌కు ఈపీఎఫ్‌ఓ ఫిర్యాదుల పోర్టల్. వేధింపు విషయంలో, పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఈ గైడు వాటికోసం కాదు. ఎవరైనా మీ చేత "నా స్వభావమే ఇంత" అని ఒప్పించి వాటిని దాటవేయాలని చూస్తే ఒప్పుకోవద్దు.

మార్కెట్ పడి తీసేసిన ఉద్యోగాలనూ లెక్కపెట్టవద్దు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చాక రొయ్యల రంగంలో పని తగ్గిన చోట్ల మనుషులు ఖాళీ అయ్యారంటే, ఆ తీసివేతకు మీ నోటికీ సంబంధం లేదు.

ఇంకొకటి, కుర్చీ గొడవ. కొన్ని కుర్చీల్లో ఎవరు కూర్చున్నా గొడవే. ప్లాంటులో ప్రొడక్షన్ వాళ్ళను రోజుకు ఎన్ని టన్నులు తీశారని అడుగుతారు. క్వాలిటీ వాళ్ళ పనే అవసరమైతే ఆపడం. కంటైనర్ రాత్రి పది గంటలకు బయల్దేరాల్సి ఉండగా ఎనిమిదింటికి "ఈ లాట్ వెళ్ళడానికి లేదు" అనాల్సినవాడికి స్నేహితులు తక్కువగానే ఉంటారు. కాబట్టి ప్రతి ఉద్యోగం గురించీ ఒక ప్రశ్న వేసుకోండి: నాకు ముందూ నా తర్వాతా ఆ సీట్లో ఎవరున్నారు, ఎన్నాళ్ళున్నారు? రెండేళ్ళలో ముగ్గురు మారి ఉంటే తప్పు చాలావరకు ఆ కుర్చీది. మీకు ముందున్నాయన ఐదేళ్ళు చేసి, మీ తర్వాత వచ్చినాయన ఇప్పటికీ చేస్తుంటే, ఆ ఉద్యోగం మీ లెక్కలోకి వస్తుంది.

ఇవన్నీ తీసేశాక, వేరువేరు యజమానుల దగ్గర కనీసం మూడు గొడవలు మిగలాలి. రెండే మిగిలితే ఈ పద్ధతి పనిచేయదు. రెండింటి మధ్య పోలిక ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది, దాన్ని నమ్మలేం.

మన సూపర్‌వైజరుకు నాలుగూ మిగిలాయి.

జ్ఞాపకాన్ని నమ్మకుండా తేదీలూ మాటలూ తెచ్చుకోండి

ఉద్యోగం మానేసిన కథను మీరు ఈపాటికి టీ కొట్టు దగ్గర, పెళ్ళిళ్ళలో, ఇంటర్వ్యూల్లో చాలాసార్లు చెప్పి ఉంటారు. చెప్పిన ప్రతిసారీ మీ మాటలు కాస్త మెత్తబడి, అవతలివాడి మాటలు కాస్త గట్టిపడి ఉంటాయి. ఇది అబద్ధం ఆడటం కాదు, అందరికీ జరిగేదే. కానీ ఆ కథతో మొదలుపెడితే ఆ కథ దగ్గరికే తిరిగొస్తారు.

తేదీలకు ఈపీఎఫ్‌ఓ సభ్యుల పోర్టల్‌లోకి మీ యూఏఎన్‌తో వెళ్ళి View కింద Service History చూడండి. ఏ సంస్థలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు వదిలారో ఉంటుంది. ఒక చిక్కుంది: కాంట్రాక్టరు కింద పనిచేసినవాళ్ళకు ప్లాంటు పేరు బదులు కాంట్రాక్టరు పేరు కనిపిస్తుంది, కాంట్రాక్టరు మారితే ఉద్యోగం మారినట్టు చూపిస్తుంది. అదే షెడ్డు, అదే పని అయితే ఒకటిగానే లెక్కించండి. పీఎఫ్ లేని చోట జీతం పడిన బ్యాంకు ఎంట్రీలు చాలు.

ఈ తేదీల్లోనే ఒక్కోసారి మొదటి సంగతి బయటపడుతుంది. మన సూపర్‌వైజరు మొదటి చోట 26 నెలలు, రెండో చోట 14, మూడో చోట 15, నాలుగో చోట 8 నెలలు చేశాడు. చివరిది బాగా తగ్గింది. ఓపిక అయిపోతోందా, పేరు ముందే పాకిపోతోందా అన్నది ఇక్కడే తేల్చలేం. గుర్తుపెట్టుకుంటే చాలు.

మాటలకు వాట్సాప్. పాత షిఫ్ట్ గ్రూపుల నుంచి మీరు బయటికొచ్చేసినా, చాట్ చెరిపేయకపోతే ఫోన్లో ఉంటుంది. గ్రూపు తెరిచి, మూడు చుక్కలు నొక్కి, More, Export chat, Without media. అక్షరాల ఫైలు వస్తుంది. దాన్ని మీ సొంత మెయిలుకే పంపుకోండి. అందులో కంపెనీ సంగతులుంటాయి, ఇంకెవరికీ పంపకండి. తర్వాత మీ పేరుతో ఉన్న మెసేజీలు మాత్రమే చదవండి. అవతలివాళ్ళవి చదవడం మొదలుపెడితే పాత కోపం లేచి అసలు పని ఆగిపోతుంది. మెమోలు, సంజాయిషీ లేఖలు ఉంటే అవీ తీసిపెట్టుకోండి.

ఒక సాయంత్రం దీనికే పోతుంది. ఆరోజు ఇంకేమీ చేయవద్దు.

గొడవకొక వరుస, ఐదు గళ్ళు

పెద్ద కాగితం అడ్డంగా పెట్టుకోండి. ఒక్కో ఉద్యోగానికి ఒక వరుస. చివరి గొడవ రాయకండి, మొదటిది రాయండి. చివరి గొడవనాటికి రెండువైపులా లెక్కలు పేరుకుపోయి ఉంటాయి, ఎవరు ఏమన్నా అంటుకుంటుంది. "ఇక్కడా మొదలైందిరా" అని మీకు మొదట అనిపించిన రోజు కావాలి. సాధారణంగా అది చేరిన మూడో నెలకూ ఆరో నెలకూ మధ్య ఉంటుంది. అప్పటికి కొత్త అన్న మొహమాటం పోయి ఉంటుంది.

గళ్ళు ఇవి: ఏం జరిగింది, దానికి ముందు ఒక రోజులో నేనేం చేశాను, నేను నోరు తెరిచినప్పుడు ఎక్కడ ఎవరెవరున్నారు, ఆ వెంటనే వాళ్ళేం చేశారు, ఆ రాత్రి ఇంట్లో నేనేం చెప్పాను.

రాసేటప్పుడు ఒకటే నియమం. గోడకున్న సీసీ కెమెరాలో కనిపించేది, వినిపించేది మాత్రమే రాయాలి. మన సూపర్‌వైజరు రెండో ఉద్యోగం గురించి మొదట రాసింది ఇలా ఉంటుంది: "ప్రొడక్షన్ మేనేజరు అహంకారి. నేను తప్పు చూపించినందుకు కక్ష కట్టాడు." ఇందులో కెమెరాకు దొరికేది ఒక్క ముక్క లేదు. రెండోసారి రాస్తే ఇలా వస్తుంది: "40/50 కౌంట్, అంటే ఒక తూకానికి 40 నుంచి 50 రొయ్యలు, అని రాసిన పెట్టె తీసి లెక్కపెడితే 56 వచ్చాయి. రాత్రి 9:40కి ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. కింద 'గ్రేడింగ్ ఎవరు చూశారు సార్?' అని రాశాను. గ్రూపులో జీఎం ఉన్నాడు. మేనేజరు జవాబివ్వలేదు. మర్నాటి నుంచి నన్ను నైట్ షిఫ్టులో వేశాడు."

రెండో రాతలో అహంకారి కనిపించడు. ఉండే ఉండవచ్చు. కానీ ఇప్పుడు రాత్రి తొమ్మిదీ నలభై, ఫోటో, జీఎం కనిపిస్తున్నాయి.

విశేషణాలు ఎందుకు కొట్టేయమంటున్నామంటే, 1971లో ఎడ్వర్డ్ జోన్స్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక సంగతి చెప్పారు. మన పనికి కారణం పరిస్థితి అనుకుంటాం, ఎదుటివాడి పనికి కారణం వాడి స్వభావం అనుకుంటాం. తర్వాత 2006లో బెర్ట్రమ్ మాల్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఇది అన్నివేళలా నిజం కాదని, చెడు జరిగినప్పుడు మాత్రం కనిపిస్తుందని తేలింది. గొడవ అంటే చెడు జరిగిన సందర్భమే కదా. "కంటైనర్ టైమ్ అయిపోతోంది కాబట్టి గ్రూపులో పెట్టాను" అని మన గురించి రాసుకుంటాం. "వాడి బుద్ధే అంత" అని అవతలివాడి గురించి రాస్తాం. రెండు వైపులా జరిగిందే రాస్తే ఈ తేడా పోతుంది.

ఐదో గడిని తేలిగ్గా తీసుకోకండి. ఇంట్లో చెప్పిన దాంట్లో మీరు ఏ ముక్క వదిలేశారో చూడండి. మనవాడు ఇంట్లో కౌంట్ సంగతి చెప్పాడు, నైట్ షిఫ్ట్ సంగతి చెప్పాడు. జీఎం ఉన్న గ్రూపులో ఆ ప్రశ్న అడిగానని చెప్పలేదు. వదిలేసిన ముక్క చాలాసార్లు మనం వెతుకుతున్నదే అవుతుంది.

అడ్డంగా కాదు, నిలువుగా చదవండి

ఒక్కో గొడవను అడ్డంగా చదివితే ప్రతిసారీ మీరే గెలుస్తారు, ఎందుకంటే ప్రతి గొడవకూ దాని కారణం దానికుంది. ఇప్పుడు మొదటి గడిని మరో కాగితంతో కప్పేయండి. విషయం ఏమిటో, ఎవరు రైటో కనబడకూడదు. రెండు, మూడు, నాలుగు గళ్ళను పైనుంచి కిందికి చదవండి. మీరు చేసిన పనుల్లో తిరిగి తిరిగి వచ్చే క్రియ ఏదో చూడండి.

మనవాడి కాగితం ఇలా ఉంది. మొదటి ప్లాంటులో ఐసు చాలక సరుకు వేడెక్కుతోందని ఫ్లోర్ ఇన్‌చార్జికి ఒక్కడికే నోటితో చెప్పాడు. అతను పట్టించుకోలేదు. తర్వాత విదేశీ కొనుగోలుదారు నుంచి క్లెయిమ్ వచ్చినప్పుడు "నాకెవరూ చెప్పలేదు" అన్నాడు, సంజాయిషీ మనవాడి మెడకు చుట్టుకుంది. రెండో ప్లాంటులో కౌంట్ ఫోటో గ్రూపులో. మేత మిల్లులో తేమ ఎక్కువున్న బ్యాచి గురించి, నెలవారీ మీటింగులో అందరి ముందు, "నేను పోయిన వారమే అనుకున్నా, దీన్ని ఎవరు పాస్ చేశారు?" అని లేచాడు. నాలుగో చోట క్వాలిటీ విషయమే కాదు: కంపెనీ బస్సు ఆలస్యమై అటెండెన్స్ కోశారు. హెచ్‌ఆర్ ఆవిడను అడగకుండా, బస్సు వచ్చిన టైముల పట్టీ తయారుచేసి గ్రూపులో పెట్టాడు. కింద "దీనికి ఎవరు జవాబు చెప్తారు?"

నాలుగు చోట్లా మేనేజర్లు వేరు, విషయాలు వేరు, నాలుగింటిలోనూ అతను చెప్పింది నిజం. రెండోదాని నుంచి మాత్రం మూడు సంగతులు మారలేదు: అందరి ముందు, జరిగిపోయాక, "ఎవరు" అన్న ప్రశ్నతో. నాలుగోది మరీ ముఖ్యం. క్వాలిటీ కుర్చీకి సంబంధం లేని బస్సు విషయంలోనూ అదే వచ్చిందంటే, అది కుర్చీ నుంచి రాలేదు, అతనితోపాటు వచ్చింది.

మీ కాగితంలో వేరేది రావచ్చు. కొందరికి "సరే సార్" అని, చేయకుండా వదిలేయడం తిరిగి వస్తుంది. కొందరికి ఒక్కడితో ఉన్న తగాదాను ముగ్గురికి చెప్పడం. ఇంకొందరికి మొదటి రెండు నెలలు అడిగినవీ అడగనివీ అన్నీ నెత్తిన వేసుకుని, మూడో నెల నుంచి "నన్నే వాడుకుంటున్నారు" అనడం. ఈ చివరిది గుర్తుపట్టడం కష్టం, ఎందుకంటే మొదటి రెండు నెలల్లో అందరూ మెచ్చుకుంటారు. ఏదైనా సరే, మూడు వరుసల్లో కనిపిస్తేనే రాసుకోండి. "నాకు కోపం ఎక్కువ" అని రాయడం పనికిరాదు. అది స్వభావానికి పెట్టిన పేరు, దాన్ని రేపు పొద్దున మార్చలేరు. "జీఎం ఉన్న గ్రూపులో పెట్టాను" అన్నది మార్చుకోగల పని.

ఇప్పుడు గొడవ లేని కాలం వెతకండి. ఈ అడుగు చాలామంది వదిలేస్తారు. మనవాడు మేత మిల్లులో మొదటి ఏడు నెలలు హాయిగా చేశాడు. అప్పట్లో ల్యాబ్ ఇన్‌చార్జి ఒకావిడ రోజూ షిఫ్టు మొదట్లో పది నిమిషాలు కూర్చోబెట్టి "ఈరోజు ఏది డౌటుగా ఉంది?" అని అడిగేది. ఆవిడ బదిలీ అయ్యాక ఆ పది నిమిషాలు పోయాయి, రెండో నెలకల్లా మీటింగులో గొడవ. అంటే అతను ముందుగా, ఒక్కరికే చెప్పలేనివాడు కాదు. అడిగేవాళ్ళుంటే చెబుతాడు. లేకపోతే జరిగేదాకా ఆగి, అందరి ముందు చెబుతాడు. తప్పు ఎక్కడుందో గొడవలు చెబితే, దేంతో సర్దుకుంటుందో ఇలాంటి ఏడు నెలలు చెబుతాయి.

ఇద్దరిని అడగండి, కానీ "తప్పు నాదేనా" అని కాదు

ఎవరిని అడగాలన్నది సగం పని. ప్రాణస్నేహితుడు పనికిరాడు, మీతో గొడవపడ్డవాడు పనికిరాడు. మీ పక్కన పనిచేసి, ఆ గొడవలో లాభం గానీ నష్టం గానీ లేక, ఇప్పటికీ కనబడితే పలకరించేవాళ్ళు కావాలి. ఇద్దరు, వేరువేరు ఉద్యోగాల నుంచి. తోటి సూపర్‌వైజరు, స్టోర్స్ ఆయన, గ్రేడింగ్ టేబుల్ దగ్గర పెద్దామె. కింద పనిచేసినవాళ్ళు మనలో చూసేది పైవాళ్ళకు కనబడదు, కానీ మళ్ళీ వాళ్ళ మీదికి మీరు అధికారిగా వచ్చే అవకాశం ఉంటే అడగకండి, నిజం చెప్పరు.

"నాదేమన్నా తప్పుందా?" అని అడిగితే మన వైపు వచ్చే జవాబు ఒకటే: "నీదేముందబ్బయ్యా, ఆ మేనేజరే అట్టాంటోడు." మర్యాదకు అన్న మాట అది. దాన్ని పట్టుకుని ఇంటికొస్తే పని చెడింది. చూసింది చెప్పమని అడగాలి:

"అన్నా, ఆరోజు కౌంట్ ఫోటో గ్రూపులో పెట్టాను గుర్తుందా? అది చూడగానే ప్రొడక్షన్ వాళ్ళు మీతో ఏమన్నారు?"

"అక్కా, నేను టేబుల్ దగ్గరికొస్తే మీరంతా ఏం చేసేవాళ్ళు?"

జవాబు వస్తున్నంతసేపూ మీరు వివరణ ఇవ్వకూడదు. "అది కాదన్నా, అసలు జరిగిందేందంటే" అన్నారంటే అవతలాయన అక్కడితో ఆపేసి టీ తాగేసి పోతాడు. "ఇంకా?" అని మాత్రం అడగండి. ఇంటికొచ్చి వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. మనవాడికి వచ్చిన జవాబు ఇది: "నువ్వు చెప్పేది కరెక్టేరా. కానీ నువ్వు ఫోన్ తీస్తే మాకు భయం. ఎవడి పేరు గ్రూపులోకి ఎక్కుద్దో అని. అందుకే నీకు కనబడకుండా సర్దేవోళ్ళం." అంటే తప్పులు బయటపెట్టాలని అతను చేసిన పనివల్లే తప్పులు అతనికి కనబడకుండా పోయాయి. ఇది అతని కాగితంలో ఏ గడిలోనూ లేదు.

ఇద్దరూ చెప్పింది మీ కాగితంలో ఉన్నదానికి ఎదురైతే, మీ కాగితాన్నే అనుమానించండి. ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా చెబితే మూడో మనిషిని అడగండి.

ఆ అలవాటు ఎక్కడ పుట్టిందో చూసి, దాని పని దానికి వదిలేయండి

ఇలాంటి అలవాట్లు చాలావాటికి పుట్టిన చోటు ఒకటుంటుంది, అక్కడ అవి పనికొచ్చి ఉంటాయి. మన సూపర్‌వైజరు మొదటి వరుస మళ్ళీ చూడండి. ఒక్కడికే, నోటితో చెప్పాడు, ఇరుక్కున్నాడు. ఆ దెబ్బతో నేర్చుకున్నది: చెబితే అందరి ముందు చెప్పాలి, రాతలో ఉండాలి. అందులో సగం తెలివైన పాఠం. రాత కావాలన్నది నిజమే. అందరి ముందు అన్నదే అక్కరలేనిది.

కాబట్టి "ఇకమీదట నోరుమూసుకుంటా" అన్న నిర్ణయం నిలవదు. రక్షణ పోతుంది, ఇంకోసారి సంజాయిషీ మెడకు చుట్టుకోగానే పాత అలవాటు రెట్టింపై తిరిగొస్తుంది. రక్షణ ఉంచి, గాయపరిచే భాగం తీసేయాలి. అతనికి సరిపోయేది ఇది: కౌంట్ తేడా కనబడగానే ముందు ఇన్‌చార్జికి ఫోను. వెంటనే ఆయన సొంత నంబరుకు మెసేజు: "సార్, 40/50 లాటులో మూడు పెట్టెలు చూశాను, 56, 54, 55 వచ్చాయి. మిగతాది మళ్ళీ గ్రేడింగ్‌కు పెట్టమంటారా? కంటైనర్ పదింటికి కాబట్టి ఎనిమిదిన్నరలోపు చెప్పండి." క్వాలిటీ రిజిస్టరులోనూ అదే అంకె, టైము. ఇందులో అంకె ఉంది, అడిగిన పని ఉంది, గడువు ఉంది, తేదీతో సహా రాత ఉంది. "ఎవరు" అన్న ప్రశ్న లేదు, ప్రేక్షకులు లేరు. ఎనిమిదిన్నర దాటినా జవాబు రాకపోతే పైవాడికి చెప్పడం అతని డ్యూటీ. కానీ చెప్పబోతున్నానని ముందు ఇన్‌చార్జికే చెప్పి చెప్పాలి.

ఒకేసారి రెండు అలవాట్లు మార్చబోకండి. ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.

ఆరు వారాలు నడిపి చూడండి

ఇప్పుడున్న ఉద్యోగంలో, లేదా కొత్తదాంట్లో చేరిన రోజు నుంచి. జేబు డైరీలో రోజుకు ఒక వరుస చాలు: చెప్పాల్సినది ఏమన్నా వచ్చిందా, కొత్త పద్ధతిలో చెప్పానా పాత పద్ధతిలోనా, ఏమైంది. మొదటి రెండు వారాల్లో పాత పద్ధతి కొన్నిసార్లు వస్తుంది, ముఖ్యంగా నైట్ షిఫ్ట్ చివర్లో, నిద్ర చాలని రోజుల్లో. వాటికి పక్కన గుర్తు పెట్టండి. ఏ వేళల్లో జారుతున్నారో అదే చూపిస్తుంది.

ఇక్కడ రెండు రకాలుగా దారి తప్పుతారు. ఒకటి, అవసరానికి మించి తగ్గిపోవడం. గ్రూపులో పెట్టడం మానడమంటే చెప్పడమే మానడం అనుకుని, పాడైన లాటు పోతున్నా చూస్తూ ఊరుకోవడం. డైరీలో వరుసగా రెండు వారాలు "చెప్పాల్సినది ఏమీ రాలేదు" అని ఉంటే అనుమానించండి, ప్లాంటులో రెండు వారాలు ఏ తేడా రాకుండా ఉండదు. రెండోది, పాత మేనేజర్లకు రాత్రిపూట పొడుగాటి క్షమాపణ మెసేజులు పెట్టడం. పెట్టకండి. మీ కాగితం మీకోసం. నాలుగు చోట్లా మీ వాటా కొంత ఉందంటే మిగతా వాటా వాళ్ళదేనన్నది మారదు. కౌంట్ తప్పు జరిగిందీ నిజమే, ఫోటోకు కక్షగా నైట్ షిఫ్టు వేసిందీ నిజమే.

ఆరు వారాలయ్యాక లెక్క చూడండి. కొత్త పద్ధతిలో చెప్పినవాటిలో సగానికి పైగా పని జరిగి, సంబంధం చెడకపోతే, మీ వాటా ఏదో మీకు దొరికినట్టే. కొనసాగించండి. అంకెతో, గడువుతో, మర్యాదగా, ఒక్కరికే పదిసార్లు చెప్పినా తొమ్మిదిసార్లు తోసిపుచ్చి, పైగా మిమ్మల్నే తప్పుపట్టారంటే, ఈ చోటు మటుకు గొడవ మీ అలవాటు వల్ల కాదు. అప్పుడు వేరే పని చూసుకోవచ్చు, కానీ రాజీనామా లేఖలో ఆ పదిసార్ల చిట్టా పెట్టకుండా.

వెతుకుతున్నప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఒంగోలు నుంచి నాయుడుపేట దాకా ఈ రంగంలో మేనేజర్లు ఒకరికొకరు తెలిసినవాళ్ళే, మీరు బయోడేటాలో ఏం రాసినా ఫోను వెళ్ళనే వెళ్తుంది. "ఎందుకు మానేశావు?" అంటే పాత యజమానిని తిట్టినా, "ఇంటి కారణాలు" అన్నా నమ్మరు. రెండు వాక్యాలు చాలు: "సమస్యలు గ్రూపులో పెట్టేవాణ్ణి సార్, దాంతో ప్రొడక్షన్ వాళ్ళతో ఇబ్బందైంది. ఇప్పుడు ముందు ఇన్‌చార్జికి ఫోన్ చేసి, తర్వాత రాసిపెడుతున్నా." అవతలాయన ఫోనులో విన్నదీ మీరు చెప్పిందీ ఒకటే అవుతుంది. ఆ తర్వాత మీరూ రెండు ప్రశ్నలు అడగండి: ఇక్కడ క్వాలిటీ వాళ్ళు ఎవరికి రిపోర్ట్ చేస్తారు, నాకు ముందు ఈ సీట్లో ఉన్నాయన ఎన్నాళ్ళు చేశారు? ప్రొడక్షన్ మేనేజరుకే రిపోర్ట్ చేయాలి, ముందాయన ఐదు నెలలే ఉన్నాడు అన్నారంటే, జీతం రెండు వేలు ఎక్కువిచ్చినా ఆలోచించుకుని చెబుతానని లేవండి.